సాక్ష్య చట్టంలో అభ్యాస బిట్లు: నమ్మించే తప్పు ఆప్షన్ల రచన

సాక్ష్య చట్టంపై బహుళైచ్ఛిక ప్రశ్నలు, అంటే మన విద్యార్థులు బిట్లు అని పిలుచుకునేవి, రాయడంలో కష్టమంతా తప్పు ఆప్షన్ల దగ్గరే ఉంటుంది. సరైన జవాబు చట్టంలో సిద్ధంగా దొరుకుతుంది. తప్పు జవాబులను మాత్రం ప్రశ్న రాసేవారే తయారు చేసుకోవాలి. సగం చదివినవాడిని ఆకర్షించాలి, పూర్తిగా చదివినవాడి ముందు నిలబడకూడదు. ఇలాంటి ఆప్షన్‌ను ఈ వ్యాసంలో ఎర ఆప్షన్ అంటున్నాం.

సిడ్నీ పడమటి శివార్లలో, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ స్టేషన్ల మధ్య ఉన్న పెండిల్ హిల్ దక్షిణాసియా కుటుంబాలు బాగా స్థిరపడిన చోటు. హైదరాబాదులోనో విశాఖలోనో ఎల్‌ఎల్‌బీ చదివి ఇలాంటి పేటల్లో కాపురం పెట్టినవారు న్యూ సౌత్ వేల్స్‌లో న్యాయవాదులు కావాలంటే ముందు తమ డిగ్రీని ఆ రాష్ట్ర లీగల్ ప్రొఫెషన్ అడ్మిషన్ బోర్డు చేత మదింపు చేయించుకోవాలి. ఆస్ట్రేలియాలో లాయరు కావడానికి తప్పనిసరి అయిన పదకొండు సబ్జెక్టులను, వాటిని రూపొందించిన కమిటీ అధ్యక్షుడి పేరు మీద, ‘ప్రీస్ట్లీ పదకొండు’ అంటారు. వాటిలో సాక్ష్య చట్టం ఒకటి. భారతదేశంలో ఒకసారి చదివేసిన సబ్జెక్టే గదా అనే ధీమాతో దీని దగ్గరకు వచ్చేవారికి రాసే బిట్లు, మొదటిసారి చదివేవారికి రాసే బిట్లలా ఉంటే సరిపోదు. కొత్త విద్యార్థికి తెలియకపోవడం సమస్య. వీరికి తెలిసినదే అడ్డొస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో రకం పాఠకుడికి ఎర ఆప్షన్లు ఎలా రాయాలన్నదాని మీదనే నడుస్తుంది.

రెండు చట్టాల తేడా

భారత సాక్ష్య చట్టం 1872 నాటిది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గానీ అస్థిపంజరం చాలావరకు పాతదే. న్యూ సౌత్ వేల్స్ సాక్ష్య చట్టం 1995 నాటిది. ఆ ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. రెండింటికీ ఇంగ్లిష్ కామన్ లా పుట్టిల్లే అయినా, మధ్యలో ఉన్న నూట ఇరవై మూడేళ్ళలో ఆలోచన చాలా దూరం ప్రయాణించింది.

భారత చట్టం ఏ సంగతులు కేసుకు సంబంధించినవో ఒక్కొక్కటిగా పేర్కొంటుంది. చనిపోయినవారి మాట, ముద్దాయి ఒప్పుకోలు, ఘటనలో భాగంగా వచ్చిన మాట, ఇలా. ఆ గళ్ళలో ఏదో ఒకదానిలో పడితేనే సాక్ష్యానికి ప్రవేశం. 1995 చట్టం మరో దారి పట్టింది. సాక్ష్యం నిజమని అనుకుంటే, వివాదంలో ఉన్న సంగతి జరిగిందా లేదా అన్న అంచనాను అది హేతుబద్ధంగా ప్రభావితం చేయగలదా అని 55వ సెక్షన్ అడుగుతుంది. చేయగలిగితే 56వ సెక్షన్ తలుపు తెరుస్తుంది. ఆ తరువాత వినికిడి సాక్ష్యం, అభిప్రాయం, ఒప్పుకోలు, నడవడి వంటి నిషేధాలు వరుసగా వస్తాయి. ప్రతి నిషేధానికీ మినహాయింపులు ఉంటాయి. అన్నీ దాటినా చివర న్యాయమూర్తి విచక్షణ మిగిలే ఉంటుంది. మన విద్యార్థి గడి కోసం వెతుకుతాడు. ఇక్కడి చట్టమేమో ఆ మాటను ఏం నిరూపించడానికి తెస్తున్నారని అడుగుతుంది. మంచి ఎర ఆప్షన్లన్నీ ఈ తేడాలోంచే పుడతాయి.

పిఠాపురం కేసు నుంచి ఒక బిట్టు

దీన్ని ఒక ఉదాహరణతో చూడటం మేలు. తెలుగునాట లా చదివినవారికి పాకాల నారాయణస్వామి కేసు గుర్తుండే ఉంటుంది. పిఠాపురం దివాను దగ్గర పని చేసే ఒక బంట్రోతు, ఆ దివాను కూతురికి 1936లో మూడు వేల రూపాయల దాకా అప్పు ఇచ్చాడు. ఆమె భర్తే నారాయణస్వామి. 1937 మార్చి 20న బంట్రోతుకు బరంపురం రమ్మని సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. బాకీ తీసుకోవడానికి రమ్మని నారాయణస్వామి భార్య రాసిందనీ, అందుకే బరంపురం వెళుతున్నాననీ అతడు తన భార్యతో చెప్పి మర్నాడు రైలెక్కాడు. 23న పూరీలో రైలు పెట్టెలో ఒక ఇనుప ట్రంకులో అతడి శవం దొరికింది. భార్యతో అన్న ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మరణానికి దారితీసిన వ్యవహారంలోని పరిస్థితులను గురించి మృతుడు చెప్పిన మాట కనుక 32వ సెక్షన్ మొదటి క్లాజు కింద వస్తుందనీ, చెప్పేనాటికి చావు భయం ఉండనక్కర లేదనీ లార్డ్ అట్కిన్ వివరించాడు. కొత్త అధినియమ్‌లో ఆ నిబంధన 26వ సెక్షన్‌లో ఉంది.

ఇప్పుడు ఇవే సంగతులను సిడ్నీకి మార్చి ఒక బిట్టు రాద్దాం.

హత్య కేసు న్యూ సౌత్ వేల్స్ కోర్టులో విచారణలో ఉంది. పెండిల్ హిల్‌లో ఉండే మృతుడు, చనిపోవడానికి ముందు రోజు సాయంత్రం, “రేపు పొద్దున న్యూకాజిల్ వెళ్ళాలనుకుంటున్నాను” అని భార్యతో అన్నాడు. మర్నాడు అతడు న్యూకాజిల్ వైపు వెళ్ళాడని చూపడానికి ప్రాసిక్యూషన్ ఆమె చేత ఆ మాట చెప్పించదలచింది. అది వినికిడి సాక్ష్యం అన్నదొక్కటే డిఫెన్స్ అభ్యంతరం. కింది వాటిలో సరైనది ఏది?

(ఎ) చెల్లదు, ఆ మాట అన్న మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వీలు లేదు.
(బి) చెల్లుతుంది, అది మృతుడు తన మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాట.
(సి) చెల్లుతుంది, అది మాట్లాడిన మనిషి తన అప్పటి ఉద్దేశం గురించి చెప్పిన మాట.
(డి) చెల్లుతుంది, ఆ మాట అన్నాడని చూపడానికే తెస్తున్నారు, నిజమని చూపడానికి కాదు.

జవాబు (సి). మనిషి తన ఆరోగ్యం, భావాలు, ఉద్దేశం, మనఃస్థితి గురించి అప్పటికప్పుడు చెప్పుకున్న మాటకు వినికిడి నిషేధం వర్తించదని 66ఎ సెక్షన్ చెబుతుంది.

తప్పు ఆప్షన్లు మూడూ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. (బి) అచ్చంగా నారాయణస్వామి తీర్పే. భారతదేశంలో అదే సరైన జవాబు అయ్యేది. అందుకే మన విద్యార్థిని అంతగా లాగుతుంది. 1995 చట్టంలో మరణ పరిస్థితులకు ప్రత్యేకంగా ఒక గడి లేదు. (డి)కి మూలం మలయా నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళిన 1956 నాటి సుబ్రమణియం కేసు. తీవ్రవాదులు బెదిరించిన మాటలను, అవి నిజమని కాక ముద్దాయి మనసులో భయం పుట్టించాయని చూపడానికి తేవచ్చని ఆ కేసు చెప్పింది. సూత్రం సరైనదే, ఇక్కడ అతకదు. మృతుడికి న్యూకాజిల్ వెళ్ళే ఉద్దేశం నిజంగా ఉందంటేనే ప్రాసిక్యూషన్ వాదన నిలుస్తుంది కనుక, ఇది మాట నిజమని నమ్మించడానికే తెచ్చిన సాక్ష్యం. (ఎ)లో ఉన్నది వినికిడి నిషేధం ఎందుకు పుట్టిందో చెప్పే కారణం మాత్రమే. దాన్నే సూత్రం అనుకోవడం చాలామంది చేసే పని. చనిపోయినవారి మాటలను స్వీకరించడానికి 65వ సెక్షన్ మొత్తం ఉండగా, క్రాస్ ఎగ్జామినేషన్ వీలు లేనంత మాత్రాన తలుపు మూసుకోదు.

అంటే ప్రతి ఎర ఆప్షన్ వెనుక పేరు పెట్టి చెప్పగల ఒక పొరపాటు ఉంది: వేరే దేశపు సూత్రం, వేరే ప్రయోజనానికి చెందిన సూత్రం, సూత్రం అనుకున్న కారణం. ఇలా ఒక్క వాక్యంలో పొరపాటును చెప్పలేని ఆప్షన్ ఖాళీ పూరించడానికి పెట్టినదే. దాన్ని ఎవరూ ఎంచుకోరు, ఎంచుకున్నా వారి గురించి మనకు ఏమీ తెలియదు.

ప్రశ్నలోని ఒక చిన్న వాక్యం మీద కూడా శ్రద్ధ పెట్టాలి. అభ్యంతరం ఒక్కటేనని ప్రశ్నలోనే చెప్పకపోతే జవాబు కూలిపోతుంది. క్రిమినల్ కేసులో ముద్దాయికి జరిగే అన్యాయమైన నష్టం సాక్ష్యపు విలువను మించితే కోర్టు దాన్ని నిరాకరించి తీరాలని 137వ సెక్షన్ అంటుంది. వినికిడి నిషేధాన్ని దాటిన సాక్ష్యం కూడా అక్కడ ఆగిపోవచ్చు. తెలివైన విద్యార్థి చేయెత్తి “137 మాటేమిటి?” అని అడిగితే ప్రశ్న రాసినవారి దగ్గర సమాధానం ఉండదు. న్యూ సౌత్ వేల్స్ చట్టంపై రాసే ప్రతి బిట్టులోనూ విచక్షణ తలుపును ముందే మూయడమో, ప్రశ్ననే విచక్షణ మీద పెట్టడమో చేయాలి. భారత చట్టంపై బిట్లు రాసి అలవాటైనవారు ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

ఒక్క మాట మార్చితే

మంచి బిట్టును కొద్దిగా మార్చి రెండో బిట్టు చేయవచ్చు. మృతుడు ఉద్దేశంతో ఆగకుండా, “ఫలానాయన భార్య ఉత్తరం రాసింది” అని కూడా అన్నాడనుకుందాం. ఉత్తరం రాసింది ఆమేనని చూపడానికే ప్రాసిక్యూషన్ ఆ మాటను తెస్తోంది. ఇప్పుడు నిన్నటి సరైన జవాబు, అంటే (సి), నేటి ఎర అవుతుంది. ఉద్దేశం గురించి చెప్పిన మాట ఉద్దేశాన్నే నిరూపిస్తుంది. వెనుక ఎవరో ఏదో చేశారన్నదాన్ని దాని మీద మోపలేం.

ఆస్ట్రేలియా హైకోర్టు 1989లో వాల్టన్ కేసులో ఇలాంటి ప్రశ్ననే ఎదుర్కొంది. దక్షిణ ఆస్ట్రేలియాలో హత్యకు గురైన ఒక స్త్రీ, ముద్దాయిని కలవడానికి ఎలిజబెత్ పట్టణ కేంద్రానికి వెళుతున్నానని ముందుగా చెప్పిన మాటలు అందులో వివాదం. ఆమె ఉద్దేశాన్ని చూపడానికి అవి పనికొస్తాయని కోర్టు ఒప్పుకొంది. ఆ ఉద్దేశం నుంచి ఆమె తరువాత ఏం చేసి ఉంటుందో ఊహించవచ్చు. కానీ ఆ కేసులోనే ఉన్న ఒక ఫోను సంభాషణలో అవతల మాట్లాడింది ముద్దాయేనని ఆమె మాట ద్వారా నేరుగా నిరూపించడం వేరే సంగతి. అది 1995 చట్టానికి ముందటి కామన్ లా తీర్పు అయినా, ఈ గీత ఎక్కడ పడుతుందో విద్యార్థులకు చూపించడానికి దానిని మించినది లేదు.

ఇక్కడ ప్రశ్న రాసేవారికి ఒక ఆశ పుడుతుంది: మరి ఉత్తరం ఎవరు రాశారన్న మాట 65వ సెక్షన్ కింద చెల్లుతుందా అని ఇంకో బిట్టు రాస్తే పోలా? కుదరదు. ఆ మాట కల్పితం కాదనిపించే పరిస్థితుల్లో వచ్చిందా, చాలా నమ్మదగిన పరిస్థితుల్లో వచ్చిందా అన్నవి కోర్టు తూచి చెప్పేవి. పైగా 62వ సెక్షన్ ప్రకారం మాట్లాడిన మనిషికి ఆ సంగతి స్వయంగా తెలిసి ఉండాలి. సంతకం లేని ఉత్తరాన్ని చూసి ఫలానావారు రాశారని అనడం స్వయంగా తెలియడమేనా? చేతిరాత గుర్తుపట్టాడా, ఉత్తరం తెచ్చిన మనిషి చెప్పాడా? ఇద్దరు మంచి న్యాయవాదులు రెండు వైపులా వాదించగల విషయం ఒకే జవాబు ఉండాల్సిన బిట్టుకు పనికిరాదు. అది వ్యాసరూప ప్రశ్నకు వదిలేయాలి. సాక్ష్య చట్టంలో బిట్లుగా మారని భాగం చాలానే ఉంది. దాన్ని బలవంతంగా బిట్టు చేసినప్పుడే కీ మీద తగవులు వస్తాయి.

పోలీసు ముందు ఒప్పుకోలు

భారతదేశంలో చదివిన ప్రతివారి నరాల్లో జీర్ణించుకున్న సూత్రం ఒకటి ఉంది: పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం చెల్లదు. పాత చట్టంలో 25వ సెక్షన్, కొత్తదానిలో 23. దానికి మినహాయింపు పాత 27వ సెక్షన్. ఇప్పుడది 23వ సెక్షన్‌కే ప్రొవైజోగా వచ్చింది. ఒప్పుకోలు వల్ల ఏదైనా బయటపడితే, బయటపడినదానికి సంబంధించిన మేరకే ఆ మాటలు చెల్లుతాయి. దీనికి ప్రామాణికమైన తీర్పు కూడా మన పల్నాడు ప్రాంతం నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళిన పులుకూరి కొట్టయ్య కేసే. ఇంటి కప్పులో కత్తి దాచానన్న మాట చెల్లుతుందనీ, దానితో ఫలానావాణ్ణి పొడిచానన్న మాట చెల్లదనీ ఆ తీర్పు ఉదాహరణ ఇచ్చింది.

న్యూ సౌత్ వేల్స్‌లో ఈ నిషేధం లేదు. పోలీసుకు చెప్పిన మాటైనా చెల్లుతుంది. అయితే హింస, అణచివేతల ప్రభావం ఉండకూడదని 84, పరిస్థితులు మాట విశ్వసనీయతను దెబ్బతీసేలా ఉండకూడదని 85 అడుగుతాయి. తీవ్రమైన నేరాల విషయంలో మరో చట్టం, 1986 నాటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టపు 281వ సెక్షన్, అధికారిక ప్రశ్నల మధ్య వచ్చిన ఒప్పుకోలు రికార్డయి ఉండాలని, లేకపోతే సహేతుకమైన కారణం చూపాలని అంటుంది. దీనిపై ఒక బిట్టు:

న్యూ సౌత్ వేల్స్‌లో హత్య అనుమానితుణ్ణి స్టేషన్‌లో ప్రశ్నిస్తుండగా, “కత్తి మా ఇంటి కప్పులో దాచాను, దానితోనే పొడిచాను” అన్నాడు. కత్తి అక్కడే దొరికింది. ఆ సంభాషణను గానీ, తరువాత దాన్ని అతడు ధ్రువీకరించడాన్ని గానీ రికార్డు చేయలేదు. అందుకు సహేతుకమైన కారణమూ లేదు. ఆ మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా?

(ఎ) చెల్లవు, పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు.
(బి) కత్తి దాచిన సంగతి మేరకు చెల్లుతాయి, కత్తి దొరికింది.
(సి) చెల్లుతాయి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాడు.
(డి) చెల్లవు, రికార్డు లేదు, లేనందుకు తగిన కారణమూ లేదు.

(డి) సరైనది. (ఎ), (డి) రెండూ చెల్లవనే అంటున్నాయి. ఫలితం ఒకటైనా కారణం వేరు, మార్కు కారణానికే. ఇలా ఫలితాలను రెండేసి చొప్పున సమంగా పెట్టి కారణాలతో తేల్చడం అమెరికా బార్ పరీక్షల బిట్లలో బాగా కనిపించే పద్ధతి. సాక్ష్య చట్టానికి ఇది చక్కగా నప్పుతుంది. ఫలితాన్ని మాత్రమే అడిగితే, చెల్లుతుందా చెల్లదా అని నాణెం ఎగరేసినవాడికి కూడా సగం అవకాశం ఉంటుంది. (బి) కొట్టయ్య తీర్పుకు నకలు. (సి) కామన్ లా స్వచ్ఛందత సూత్రం. ఇక్కడ (ఎ) ఎంచుకున్నవాడికి, (బి) ఎంచుకున్నవాడికి చెప్పాల్సిన పాఠాలు వేరు. మొదటివాడు నిషేధాన్ని మోసుకొచ్చాడు. రెండోవాడు నిషేధాన్ని, దాని మినహాయింపును కూడా మోసుకొచ్చాడు. అతడు నిజానికి భారత చట్టం బాగా చదివినవాడు.

కనిపించే లోపాలు

జవాబు తెలియకుండానే జవాబును పట్టించే గుర్తులు కొన్ని ఉంటాయి. సరైన ఆప్షన్ మీద ఎవరూ తగవు పెట్టకూడదని ప్రశ్న రాసేవారు దానికి షరతులు తగిలిస్తారు. దాంతో అది మిగతా మూడింటికన్నా బారెడు పొడవవుతుంది. “ఎప్పుడూ”, “ఏ పరిస్థితిలోనూ” అన్న మాటలు తప్పు ఆప్షన్లకే తగులుతాయి. సెక్షన్ నంబరు అడిగే బిట్లు మరో జబ్బు. 32వ సెక్షనా 33వ సెక్షనా అన్నది సాక్ష్య చట్టం తెలుసునని చెప్పదు. భారతదేశంలో 2024 జూలైలో అంకెలన్నీ మారిపోయాక, అలాంటి బిట్ బ్యాంకులు ఎంత వట్టివో తేలిపోయింది. “పైవన్నీ”, “పైవేవీ కావు” అన్నవి కూడా వదిలేయడమే మంచిది. అవి ఆలోచనను కాక పరీక్ష రాసే చిట్కాలను కొలుస్తాయి.

నాలుగు ఆప్షన్లు ఉండాలన్న నియమం కూడా లేదు. ఎనభై ఏళ్ళ పరిశోధనలను కలిపి చూసి మైఖేల్ రోడ్రిగెజ్ 2005లో ప్రచురించిన విశ్లేషణ మూడు ఆప్షన్లే ఉత్తమమని తేల్చింది. నాలుగోది చాలాసార్లు ఎవరూ తాకనిది కావడమే కారణం. మూడు నిజమైన పొరపాట్లు దొరికితే నాలుగు ఆప్షన్లు పెట్టాలి. రెండే దొరికితే మూడుతో ఆపాలి.

ఎర పనిచేసిందా?

పెద్ద పరీక్షల్లో దీన్ని లెక్కలతో చూస్తారు. మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతం మందిని, కింది 27 శాతం మందిని విడదీసి, ఒక్కో ఆప్షన్‌ను ఏ గుంపులో ఎందరు ఎంచుకున్నారో లెక్కిస్తారు. మంచి ఎరను కింది గుంపు ఎక్కువగా, పై గుంపు తక్కువగా ఎంచుకోవాలి. నూటికి ఐదుగురు కూడా ఎంచుకోని ఆప్షన్‌ను పనిచేయనిదిగా భావిస్తారు. పై గుంపే ఒక తప్పు ఆప్షన్ వైపు మొగ్గితే, విద్యార్థులను కాక కీని అనుమానించాలి. మన మొదటి బిట్టులో 137 తలుపు మూయకపోతే జరిగేది అదే. బాగా చదివినవారే (ఎ) వైపు పోతారు.

పది మంది కలిసి చదువుకునే చోట ఈ శాతాలకు అర్థం ఉండదు. అక్కడ పనికొచ్చే పద్ధతి ఒకటే. ఆప్షన్లు చూపకుండా ప్రశ్న మాత్రం ఇచ్చి, జవాబు, కారణం రెండు వాక్యాల్లో రాయమనాలి. వారు రాసిన తప్పు కారణాలే తరువాతి విడతకు ఎర ఆప్షన్లు. ఇలా పుట్టిన ఆప్షన్ ముందు, బల్ల దగ్గర కూర్చుని ఊహించిన ఆప్షన్ తేలిపోతుంది. రాసేవారికి చట్టం తెలుసు కాబట్టి, తెలియనివారు ఎలా పొరబడతారో వారికి గుర్తుండదు.

అభ్యాస బిట్లకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. నమ్మించేలా రాసిన తప్పు మనసులో ఉండిపోతుంది. హెన్రీ రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, బహుళైచ్ఛిక పరీక్ష రాసినవారు తరువాతి పరీక్షలో మొత్తం మీద మెరుగ్గా చేసినా, అంతకుముందు చూసిన తప్పు ఆప్షన్లను నిజమనుకొని రాయడం కూడా పెరిగింది. ఆండ్రూ బట్లర్‌తో కలిసి రోడిగర్ 2008లో చేసిన పనిలో, సరైన జవాబు తెలియజేస్తే ఆ నష్టం తగ్గింది. భారత చట్టం మనసులో ఉండగానే న్యూ సౌత్ వేల్స్ చట్టం నేర్చుకునేవారికి ఇది రెట్టింపు వర్తిస్తుంది. కీ కింద “జవాబు సి” అని వదిలేస్తే, (బి)లోని నారాయణస్వామి సూత్రం మరింత గట్టిపడుతుంది. అందుకని ప్రతి తప్పు ఆప్షన్‌కూ ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ఆప్షన్ తప్పని చెప్పి ఆగకుండా, అది ఎక్కడ సరైనదో కూడా చెప్పాలి: “ఇది భారతదేశంలో 26వ సెక్షన్ కింద సరైన జవాబు; 1995 చట్టంలో ఈ గడి లేదు, 66ఎ గానీ 65 గానీ చూడాలి.”

ప్రశ్న పక్కనే ఏ తేదీ నాటి చట్టం ప్రకారం రాశారో కూడా వేయాలి. న్యూ సౌత్ వేల్స్‌లో వినికిడి నిషేధం మాటలే 2009 జనవరి నుంచి మారాయి. మాట్లాడినవారు ఏం చెప్పదలచారన్నదానికి బదులు, ఏం చెప్పదలచారని సహేతుకంగా అనుకోవచ్చన్నది కొలమానమైంది. అంతకు ముందు రాసిన బిట్టులో సరైన ఆప్షన్‌గా ఉన్న వాక్యం ఇప్పుడు మంచి ఎర ఆప్షన్‌గా పనికొస్తుంది.